పన్నెండు గంటలకు మళ్ళీ మొదలుపెడతాం సార్

మా ఆస్పత్రి రిజిస్టరులో ఆ రోజు గురించి ఒకే ఒక్క వాక్యం ఉంటుంది. రాసింది నేనే. "డిష్ కేబులు కనెక్టరు లోపం వల్ల ఇరవై ఆరు నిమిషాలు ఆలస్యం. పన్నెండు గంటలకు తిరిగి కలిపి సెషన్ పూర్తి చేయడమైనది." ఇందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. పై అధికారి ఎవరు చదివినా నన్ను ఒక్క మాట అనలేరు. అనలేదు కూడా. రిటైరయ్యే రోజు శాలువా కప్పి, గడియారం పట్టినట్టు పనిచేసే మనిషి అని మెచ్చుకున్నారు. ఆ మాటకు చప్పట్లు కొడుతుంటే నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు అందరూ.

మీరిప్పుడు బస్సులో వేలాడుతూ కూడా ఫోన్లో మొహాలు చూసుకుంటారు. ఆలస్యమైతే "సారీ, ఐదు నిమిషాల్లో వస్తా" అని వేలితో కొట్టి పడేస్తారు. నేను చెప్పేది రెండువేల ఆరో ఏడో సంవత్సరం మాట. ఆలస్యమైందని చెప్పడానికీ, మళ్ళీ మొదలుపెడతామని అడగడానికీ అప్పట్లో పెద్ద తతంగమే ఉండేది. ఆ తతంగమంతా నాకు బాగా వచ్చు. వచ్చినందుకే ఇది రాస్తున్నాను.

నాది ఎర్రగుంట్ల. మొదట అక్కడే ఒక సిమెంటు ఫ్యాక్టరీలో మీటర్లు, వైర్లు చూసే మెకానిక్‌ని. పదేళ్ళు దుమ్ము మింగాక, కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక చిన్న ఊళ్ళో ధర్మాసుపత్రి వాళ్ళు మనిషి కావాలంటే చేరాను. అప్పుడే వాళ్ళకు ఉపగ్రహం ద్వారా పెద్ద డాక్టర్లతో మాట్లాడే ఏర్పాటు వచ్చింది. మేడమీద ఒక గొడుగంత డిష్. కింద ఏసీ గదిలో ఒక మోడెం, ఒక కెమెరా, ఒక పెద్ద టీవీ. టీవీ ముందు రోగికి ఒక కుర్చీ, మా డాక్టరమ్మకు ఒక కుర్చీ, పక్కన బల్ల దగ్గర నాకొక స్టూలు. మా ఊరికి గుండె డాక్టరు రావాలంటే నెలకొకసారి. టీవీలో మాత్రం మంగళవారం, శుక్రవారం పదకొండు గంటలకు ఠంచనుగా కనిపించేవాడు.

అది ఎట్లా జరిగేదో కొంచెం చెప్పాలి. ఉపగ్రహం మా ఒక్కరిదే కాదు కదా. మాలాంటి ఆస్పత్రులు ఇరవై ముప్పై ఉన్నాయి. ఎవరికి ఏ వేళ దారి ఇవ్వాలో దూరంగా ఒక కంట్రోలు రూములో కూర్చున్నవాళ్ళు చూసుకునేవారు. ఆ చోటును మేము హబ్ అనేవాళ్ళం. ముందురోజే మేము రోగి కాగితాలు, ఈసీజీ, గుండె స్కానింగు వీడియో ముక్కలు పంపేయాలి. ఆ రోజు పదిన్నరకు నేను అన్నీ ఆన్ చేయాలి. మోడెం మీద పచ్చలైటు నిలబడితే డిష్‌కు ఉపగ్రహం అందినట్టు. పదీ ముక్కాలుకు హబ్‌కు ఫోన్ చేసి, సిద్ధం అని చెప్పాలి. పదకొండుకు వాళ్ళు దారి తెరుస్తారు, నేను డాక్టరు గది నంబరు కొడతాను, బొమ్మ వస్తుంది. అర్ధగంట మాది. తర్వాత ఆ డాక్టరే ఇంకో ఊరివాళ్ళకు కూర్చుంటాడు. పావుగంట దాకా మనం రాకపోతే హబ్‌వాళ్ళు దారి మూసేసి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మాట అటు చేరి ఇటు రావడానికి అర సెకను పైనే పట్టేది. అందుకని ఒకరు మాట్లాడి ఆగాలి, తర్వాతే ఇంకొకరు మొదలుపెట్టాలి. దానికి కూడా ఒక అలవాటు కావాలి.

ఆ శుక్రవారం రోగి ఇరవై మూడేళ్ళ అమ్మాయి. ఆలూరు దాటి పోయే దారిలో పల్లె. ఏడో నెల గర్భం. తొలి కాన్పు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతాండా అని చెప్పిందంట మా డాక్టరమ్మతో. నెలకొకసారి వచ్చే గుండె డాక్టరు స్కానింగు తీసి, కవాటమొకటి ఇరుకైపోయినట్టుంది, పెద్దాయన చూడాలి అని రాసిపోయాడు. పెద్దాయన అంటే టీవీలో కనిపించే ఆయనే. ఆయనకు తెలుగు రాదు. ఆయన ఇంగ్లీషులో అడిగితే మా డాక్టరమ్మ తెలుగులో అడిగి చెప్పేది.

మొగుడూ పెళ్ళామూ పొద్దున ఏడుకల్లా వచ్చి కూర్చున్నారు. మొదటి బస్సుకు వచ్చినారంట. మొగుడికి ముప్పై లోపే ఉంటుంది. టమేటా గంపలు ఎత్తీ ఎత్తీ భుజం ఒక పక్కకు వాలిపోయిన మనిషి. నేను గది తాళం తీస్తుంటే దగ్గరికొచ్చి అడిగాడు.

"ఎన్ని గంటలకు సూస్తారప్పా?"

"పదకొండుకు. పదకొండున్నరకంతా అయిపోతుంది."

"అయితే పావుతక్కువ పన్నెండు బస్సు దొరుకుతాది. అది తప్పితే మళ్ళ సాయంత్రమే మాకు."

"దొరుకుతుంది, దొరుకుతుంది" అన్నాను.

సరిగ్గా పదీ పావుకు పత్రికాయన వచ్చాడు. జిల్లా పేజీకి రాసే విలేఖరి. మారుమూల ఊళ్ళో ఉపగ్రహ వైద్యం అని ఒక ముక్క వేస్తాం, ఫొటో కావాలి అన్నాడు. మా సూపరింటెండెంటు ఊళ్ళో లేడు. ఆయన లేడు కాబట్టి నేనే ఉన్నాను. ఈ మాటలో ఉన్న సంబరం మీకు అర్థమవుతుందో లేదో. పదేళ్ళు సిమెంటు దుమ్ములో పనిచేసినవాణ్ణి, పేపర్లో నా బొమ్మ పడటమంటే మాటలా? లోపల టీవీ పక్కన తీస్తానన్నాడు. నేనే, పైన డిష్ దగ్గరైతే బాగుంటుందని మేడమీదికి తీసుకుపోయాను.

ఎండలో పావుగంట తీశాడు. ఇట్లా నిలబడండి, చెయ్యి దానిమీద వేయండి, కొంచెం ఆనుకోండి అన్నాడు. ఆనుకున్నాను. డిష్ వెనకనుంచి దిగే కేబులు నా నడుముకు తగిలి లాగినట్టయింది. అది నాకు తెలిసింది. తెలిసి కూడా, ఫొటో పాడవుతుందని కదలలేదు.

దిగి వచ్చేసరికి పావుతక్కువ పదకొండు దాటింది. ఆన్ చేస్తే పచ్చలైటు నిలబడదు. మినుకు మినుకు. అప్పుడు నేను చేయాల్సింది ఒకటే, నేరుగా మేడెక్కడం. తెలిసిన తప్పును మనిషి చివరికి చూస్తాడు. మోడెం ఆపి మళ్ళీ వేశాను. అది ఉపగ్రహాన్ని వెతుక్కోవడానికి ఐదు నిమిషాలు తీసుకుంది, దొరకలేదు. యూపీఎస్ మార్చాను. మళ్ళీ ఐదు నిమిషాలు. హబ్‌కు ఫోన్ చేస్తే, "మీ సిగ్నలే మాకు రావడం లేదు, డాక్టరుగారు కూర్చుని ఉన్నారు, త్వరగా చూడండి" అన్నారు. ఇదంతా ఆ అమ్మాయి ఎదురుగానే. ఆమె కుర్చీలో కూర్చుని నల్లటి టీవీ వైపే చూస్తోంది, మొగుడు ఆమె వెనక నిలబడ్డాడు. మా డాక్టరమ్మ పక్క కుర్చీలో గడియారం చూసుకుంటోంది. పదకొండూ పావుకు నర్సు వచ్చి, కాన్పు గదిలో బిడ్డ అడ్డం తిరిగింది రమ్మంది. డాక్టరమ్మ లేచి, "లింకు వస్తే నన్ను పిలవండి" అని పరిగెత్తింది.

నేను మేడెక్కాను. అనుకున్నట్టే కనెక్టరు ఊడొచ్చింది, లోపలి రాగి తీగ వంగిపోయింది. వేలితో తీగను నిటారు చేసి, చేత్తోనే బిగించి కిందికొచ్చాను. పచ్చలైటు నిలబడింది. హబ్‌వాళ్ళు దారి ఇచ్చారు. పదకొండూ ఇరవై ఆరుకు బొమ్మ వచ్చింది.

తెల్లకోటు, కళ్ళద్దాలు, పెద్దమనిషి తరహా. ఇరవై ఆరు నిమిషాలు ఖాళీ తెర ముందు కూర్చున్నా మొహంలో విసుగు లేదు. నేను స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాను. ఆయనకు కనిపించేది కెమెరాలో ఉన్న కుర్చీ మాత్రమే అని మరచి, చేతులు కూడా కట్టుకున్నాను. ఇంగ్లీషులో చెప్పాను, నేను బాగా వల్లెవేసుకున్న మాటలు. ఆలస్యానికి సారీ సార్, సాంకేతిక లోపం, మీ విలువైన సమయం వృథా చేసినందుకు మళ్ళీ సారీ. ఆయన పర్లేదు అనబోయాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. చేత్తో బిగించిన కనెక్టరు ఎంతసేపు నిలుస్తుంది?

ఆయనకు పదకొండున్నరకు ఇంకో ఊరు ఉంది. బొమ్మ మళ్ళీ రాగానే ఇంగ్లీషులోనే తొందరగా అడిగాను. "సార్, కేబులు పూర్తిగా సరిచేస్తాను. దయచేసి కాసేపాగి మళ్ళీ మొదలుపెడదామా? మీ తర్వాతి ఊరు కాగానే, పన్నెండు గంటలకు?" ఆయన చేతిగడియారం చూసుకున్నాడు. చెయ్యి ఎత్తి, "ఓకే, ఓకే. ట్వెల్వ్" అన్నాడు. "థాంక్యూ సార్, సారీ సార్" అన్నాను. తెర నీలంగా మారింది.

ఆ ఆలస్యాన్ని నేను చక్కగా సర్దుకున్నాను. హబ్‌కు ఫోన్ చేసి పన్నెండు గంటల దారి అడిగి రాయించుకున్నాను. ఇప్పటికీ అనుకుంటాను, అంత పద్ధతిగా ఒక తప్పును సర్దినవాడు మా ఆస్పత్రిలో ఇంకొకడు లేడు. డ్రాయరులోంచి కొత్త కనెక్టరు, కట్టరు, నీళ్ళు పోకుండా చుట్టే టేపు తీసుకుని మెట్లెక్కేశాను. కుర్చీలో ఉన్న మనిషి పక్కనుంచే పోయాను. ఆమె చీర కొంగు తగిలింది కూడా. ఒక్క మాట చెప్పలేదు.

కేబులు కొస కోసి, పొర ఒలిచి, కొత్త కనెక్టరు వేసి, టేపు చుట్టి, ఈసారి పట్టకారుతో బిగించాను. కిందికి వచ్చేసరికి పది తక్కువ పన్నెండు. పచ్చలైటు కదలకుండా వెలుగుతోంది. కుర్చీ ఖాళీ.

మొదట దొడ్డికి పోయిందేమో అనుకున్నాను. వరండా చూశాను. పంపు దగ్గర చూశాను. మందులిచ్చే ఆమె చెప్పింది: "ఆలూరు బస్సుకు పోయిరి గదన్నా. టీవీలో డాక్టరు సూసినాడని చెప్తా పోయిరే."

పన్నెండుకు డాక్టరమ్మ కాన్పు ముగించుకుని చెమటతో వచ్చి కూర్చుంది. తల్లీబిడ్డా క్షేమమని నవ్వుతూ వచ్చింది పాపం. బొమ్మ వచ్చింది. అంత మంచి బొమ్మ అంతకుముందు ఎప్పుడూ రాలేదు. పెద్దాయన పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు. ఆ అరగంటలో తీరిక చేసుకుని స్కానింగు ముక్కలన్నీ మళ్ళీ చూశాడంట. కవాటం చాలా ఇరుకు, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి బాగా పెరిగింది, నెలలు నిండేకొద్దీ రక్తం పెరుగుతుంది కాబట్టి గుండె ఇంక మోయలేదు. ఇంటికి పంపకండి. నీరు పోయే మందు, గుండె వేగం తగ్గించే మందు ఇప్పుడే మొదలుపెట్టండి. ఆక్సిజన్ ఉన్న బండిలో ఇవాళే కర్నూలు పెద్దాసుపత్రికి పంపండి, అవసరమైతే అక్కడినుంచి మా దగ్గరికి. బుడగతో కవాటం వెడల్పు చేయొచ్చు, కడుపుతో ఉన్నా చేయొచ్చు. ఇదంతా చెప్పి, "నేను ఆమెతో మాట్లాడాలి. ఎక్కడ?" అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

"వెళ్ళిపోయింది సార్" అన్నాను.

మాట అటు చేరడానికి పట్టే ఆ అర సెకను నాకు అలవాటే. మాట చేరాక ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టాడు. "వెతకండి" అన్నాడు.

కేసు కాగితం మీద ఉన్న ఫోను నంబరు వాళ్ళ ఊళ్ళో శెట్టిగారి అంగడిది. అప్పట్లో పల్లెల్లో ఎవరికి కబురు చెప్పాలన్నా అంగడి ఫోనే దిక్కు. శెట్టి మంచివాడు. మనిషిని పంపి కనుక్కుని, తిరిగి ఫోన్ చేశాడు. "ఇల్లు బీగమేసి ఉండాది సార్. వాళ్ళు పుట్టింటికాడ దిగిపోయినారంట. ఏడో నెల గదా, కాన్పుకని ఆడనే వదిలిపెట్టి వస్తాడంట. ఆ ఊర్లో ఫోను ల్యా."

వ్యాను డ్రైవరు అప్పటికి అరవైకి దగ్గరపడిన సాయబు. ఆ దారులన్నీ ఆయనకు కొట్టినపిండి. నేనూ ఆయనా బయల్దేరాం. నర్సునూ తీసుకుపోయాం. ఎండిపోయిన శనగచేలు, నల్లరేగడి నెర్రెలు, మధ్యలో బాట. ఒకచోట వంక కోసేసిన దారి చుట్టుకుని పోవాల్సొచ్చింది. "ఏం సార్, మొగం అట్లా పెట్టినావు? దొరుకుతారులే. పుట్టింటికి పోయిన పిల్ల యాడికి పోతాది?" అన్నాడు డ్రైవరు. నేను ఫొటో సంగతి ఆయనకు చెప్పలేదు.

పొద్దు వాలేవేళకు ఆ ఇల్లు చేరాం. ఆ అమ్మాయి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది. వాళ్ళమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. మొగుడు బయటికొచ్చాడు.

"ఏమప్పా, ఇంతదూరం వస్తిరి?"

"పెద్ద డాక్టరు రమ్మంటున్నాడు. ఇప్పుడే కర్నూలుకు పోవాలి. బండి తెచ్చినాం."

"యాల? ఆయప్ప ఓకే అన్నాడు గదా?"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మా ఇద్దరి మాటల్లో అతని చెవిన నిలిచిన మాట అదొక్కటే. చెయ్యి ఎత్తి, తల ఊపి, రెండుసార్లు ఓకే అన్నాడు డాక్టరు. ఆ తర్వాత టీవీ ఆగిపోయింది, నేను లేచి వెళ్ళిపోయాను. ఇంకేమనుకుంటారు? పెద్ద డాక్టరు చూసి ఏం భయం లేదన్నాడని బస్సులో చెప్పాడు, దిగి ఇంట్లో చెప్పాడు. వాళ్ళమ్మ ఊరి దేవతకు టెంకాయ కూడా కొట్టొచ్చింది.

యువకులారా, నా తప్పు మేడమీద జరిగిందని మీరు అనుకుంటూ ఉంటారు. కుర్చీ పక్కనుంచి పోతూ నోరు విప్పకపోవడమని కొందరనుకుంటారు. నేను దాచుకున్నది మాత్రం ఆ అరుగు మీద జరిగింది. అక్కడ నేను చెప్పాల్సిన మాట చిన్నది. "ఆ డాక్టరు మీ అమ్మాయిని చూడనే లేదు. నేను ఆలస్యం చేశాను. ఆయన ఓకే అన్నది నాకు, పన్నెండుకు మళ్ళీ వస్తానని." ఇది చెప్పింటే ఆ క్షణమే బండెక్కేవారు. కానీ ఎదురుగా ఆ తల్లి, పక్కన డ్రైవరు, వెనక నర్సు, గోడల మీదనుంచి చూస్తున్న ఇరుగుపొరుగు. నేను గొంతు సవరించుకుని ఇట్లా అన్నాను:

"డాక్టరు కాగితాలు మళ్ళీ ఒకసారి చూసినాడు. ఎందుకైనా మంచిది అంటున్నాడు."

మొగుడి మొహం మారింది. "పొద్దున ఒకమాట, మాపటికి ఒకమాటా? కడుపుతో ఉండే పిల్లను కోస్తారంట అక్కడ. మాకు తెలుసు."

నర్సు నచ్చజెప్పింది. ప్రాణం మీదికి వస్తుందని కూడా అంది. వాళ్ళమ్మ ఏడుపు మొహం పెట్టింది. చివరికి ఒప్పుకున్నది ఇంతే: ఈ వేళప్పుడు వద్దు, పొద్దున్నే మేమే వస్తాం. డాక్టరమ్మ పంపిన మాత్రలు తీసుకున్నారు. ఆ అమ్మాయి మమ్మల్ని సాగనంపడానికి లేవబోయి, ఊపిరందక మళ్ళీ కూర్చుంది. అది చూసి కూడా నేను బండెక్కాను.

తెల్లారి ఎనిమిదికి జీపులో తెచ్చారు. పెదవులు నీలంగా మారాయి. ప్రతి ఊపిరికీ గురగుర, నోట్లో గులాబిరంగు నురగ. మా డాక్టరమ్మ ఆక్సిజన్ పెట్టి, సూదులు వేసి, తనే వ్యానులో కూర్చుని కర్నూలు తీసుకుపోయింది. అమ్మాయి బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. ఆడబిడ్డ అని తర్వాత తెలిసింది.

ఆ పొద్దుటి పేపర్లోనే నా బొమ్మ పడింది. డిష్ మీద చెయ్యి వేసి, కొంచెం ఆనుకుని. ఆయా ఎవరో దాన్ని కత్తిరించి నోటీసుబోర్డు మీద అంటించింది. నేను పీకేస్తే, ఎంత సిగ్గరి అన్నారు.

మూడో రోజు డాక్టరమ్మ కర్నూలునుంచి వచ్చి రిజిస్టరు అడిగింది. నేను రాసిన వాక్యం చదివింది. సంతకం చేయాల్సిన చోట పెన్ను ఆనించి, "ఇందులో పేషెంటు ఎక్కడా లేదే" అంది. ఆమె సంతకం చేసింది. ఆ తర్వాత ఆరేళ్ళు కలిసి పనిచేశాం, ఆ రోజు మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తింటే బాగుండేదని అనిపించేది నాకు.

ఆ మరునాడు సెలవు పెట్టి కర్నూలు పోయాను. వార్డు బయట మెట్ల మీద మొగుడు కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని అంతా చెప్పాను. ఫొటో, కేబులు, ఇంగ్లీషు, ఓకే, అరుగు మీద చెప్పిన అబద్ధం. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అతను నేలవైపు చూస్తూ అన్నాడు:

"ఓకే అన్నాడని ఊరంతా చెప్పింది నేనే గదప్పా. నువ్వు పిలిస్తే రానన్నదీ నేనే." లేస్తూ, "ఆయమ్మికి నువ్వేం చెప్పొద్దు. కడుపుకోతలో ఉండాది. నేనే చెప్తాలే" అన్నాడు.

నా తప్పులో సగం అతను మోస్తానంటున్నాడు. నేను వద్దనాల్సింది. సరే అన్నాను.

ఆ ఎండాకాలంలో నగరంలో బుడగ వైద్యం జరిగింది. ధర్మంగానే చేయించాడు ఆ పెద్దాయన. వానలు పడ్డాక, తిరిగి చూపించుకోవడానికి మా టీవీ గదికి ఒక మంగళవారం రమ్మన్నారు. ఆ పొద్దు తొమ్మిదికే పచ్చలైటు చూసుకున్నాను. పదిన్నరకు హబ్‌కు ఫోన్ చేశాను. వాళ్ళు నవ్వారు, ఇంకా అరగంట ఉందన్నారు. మొగుడూ పెళ్ళామూ వచ్చారు. ఆమె మెట్లు ఆగకుండా ఎక్కింది. ఒళ్ళు కొంచెం చేసింది. మొగుడు వక్కాకు కోసమని బయటికి పోయాడు. కావాలనే పోయాడేమో తెలియదు.

గదిలో ఆమే, నేనే. డాక్టరమ్మ ఇంకా రాలేదు. నేను స్టూలు జరుపుకుని ఎదురుగా కూర్చున్నాను. నిలబడి చెప్పాలా కూర్చుని చెప్పాలా అని కూడా ఆ పొద్దంతా ఆలోచించాను. "అమ్మా, ఆ రోజు ఆలస్యం చేసింది నేను. మిమ్మల్ని ఉండమని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. తప్పైపోయింది" అన్నాను.

ఆమె నా మొహం వైపు నిదానంగా చూసింది. కోపం లేదు. ఆశ్చర్యం కూడా లేదు. అంటే అతను చెప్పే ఉంటాడు.

"నాకు ఇంగ్లీషు రాదప్పా" అంది. "మీరు ఏం మాట్లాడుకుంటిరో తెలీదు. కానీ నువ్వు ఆయప్పకు సారీ అంటివి. మూడుసార్లు అంటివి. నేను లెక్కపెడితి. ఆ మాట మాకూ తెలిసిన మాటే గదా. మా పక్కకు తిరిగి ఒకసారి అనింటే, ఇంకా ఏమో ఉండాదనుకోని కూచ్చోనుంటిమి."

ఇరవై ఏళ్ళు కావస్తోంది. తర్వాత ఎన్ని వందల సెషన్లు నడిపానో, ఎన్నిసార్లు లింకు పోయిందో. పోయిన ప్రతిసారీ ముందు కుర్చీవైపు తిరిగి, ఉండండి, మళ్ళీ వస్తాడు, ఇంత సేపు పడుతుంది అని తెలుగులో చెప్పి, ఆ తర్వాతే మేడెక్కాను. అది మంచి అలవాటే. దానికి ఎవరు ఎంత ఇచ్చుకున్నారో నాకు తెలుసు కాబట్టి గొప్పగా చెప్పుకోలేను.

ఆమె కొంగు సర్దుకుని, కెమెరాకు నేరుగా కూర్చుంది. గోడగడియారం పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నేను ఇంకా స్టూలు మీద కదలకుండా ఉంటే, ఆమే అంది:

"ఇంగ మొదలుపెట్టప్పా. ఆయప్ప కాచుకోనుంటాడు."